ప్రసవం తర్వాత యోనిలో బరువు, ఉబ్బు: గుర్తించడం, సరిచూసుకోవడం, వ్యాయామం చేయడం

ప్రసవమైన ఆరేడు వారాలకు, ఇంటి పనులు ఒక్కొక్కటిగా మళ్ళీ మీద పడుతున్న రోజుల్లో, సాయంత్రమయ్యేసరికి కింద బరువుగా ఉంటోందనీ, ఏదో జారుతున్నట్టుందనీ, స్నానం చేసేటప్పుడు యోని ద్వారం దగ్గర మెత్తటి ఉండలాంటిది చేతికి తగిలిందనీ చాలామంది బాలింతలు చెబుతారు. ఆ మాట కూడా తల్లితోనో, అక్కతోనో, గొంతు తగ్గించి చెబుతారు. విన్నవాళ్ళు "గర్భసంచి జారింది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ రాత్రి నుంచి ఆ తల్లికి నిద్ర పట్టదు. ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి వచ్చే బాలింతల్లో ఎక్కువమంది ఈ భయంతోనే వస్తారు. వాళ్ళలో సగానికి పైగా అప్పటికే ఎవరో చెప్పిన, యోని చుట్టూ ఉన్న కండరాన్ని బిగించి వదిలే కెగెల్ వ్యాయామం చేస్తూ ఉంటారు. పరీక్షించి చూస్తే, కండరాన్ని పైకి లాగుతున్నామనుకుంటూ నిజానికి కిందికి ముక్కుతున్నవాళ్ళు వాళ్ళలో తక్కువేమీ కాదు. అందుకే ఈ మార్గదర్శిలో ఎన్నిసార్లు చేయాలన్న లెక్క కన్నా, చేస్తున్నది సరైనదో కాదో మీకు మీరే ఎలా సరిచూసుకోవాలన్న దానికి ఎక్కువ చోటిస్తున్నాను. యోని ద్వారా ప్రసవమై, ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపున్న, ఉబ్బు ద్వారం అంచు వరకే వస్తున్న తల్లులను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాను.

జారేది ఏమిటి

కటి ఎముకల గిన్నెకు అడుగున ఎముక ఉండదు. అక్కడ ముందున్న జఘనాస్థి నుంచి వెనకున్న తోక ఎముక వరకు గుడ్డ ఊయలలా కట్టి ఉన్న కండరాల పొర ఉంటుంది. దీన్నే పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం ఈ ఊయల మీద ఆనుకుని ఉంటాయి. వాటిని పై నుంచి, పక్కల నుంచి పట్టి ఉంచే స్నాయువులు ఊయల తాళ్ళ వంటివి. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఈ కండరంలో లోపలి అంచు భాగం తన మామూలు పొడవుకు మూడు రెట్లకు పైగా సాగుతుందని కంప్యూటర్ నమూనాలతో వేసిన లెక్కలు చెబుతున్నాయి. శరీరంలోని మామూలు కండరమేదైనా అంత సాగితే తెగిపోతుంది. గర్భిణి శరీరంలో వచ్చే మార్పుల వల్ల ఈ కండరం చాలామందిలో తట్టుకుంటుంది. కొందరిలో మాత్రం, ముఖ్యంగా ఫోర్సెప్స్ వాడిన ప్రసవాల్లో, అది ఎముకకు అతుక్కున్న చోట ఊడిపోవడం కూడా జరుగుతుంది.

ఊయల వదులైతే బరువంతా తాళ్ళ మీద పడుతుంది. అప్పుడు యోని గోడల్లో ఏది బలహీనంగా ఉంటే అది లోపలికి ఉబ్బుతుంది. ముందు గోడ ఉబ్బితే దాని వెనక ఉన్నది మూత్రాశయం, వెనక గోడ ఉబ్బితే దాని వెనక ఉన్నది మలాశయం. గర్భసంచే కిందికి దిగడం మూడో రకం. ప్రసవం తర్వాత చేతికి తగిలే మెత్తటి ఉబ్బు ఎక్కువగా ముందు గోడదే అవుతుంది. కాబట్టి "గర్భసంచి జారింది" అన్న మాట చాలాసార్లు పొరపాటు. ఏది జారిందో తెలిస్తే ఏ ఇబ్బంది ఎందుకు వస్తోందో అర్థమవుతుంది. ముందు గోడ ఉబ్బిన తల్లికి మూత్రం పూర్తిగా రాలేదనిపిస్తుంది, లేచి నిలబడ్డాక నాలుగు చుక్కలు కారతాయి. వెనక గోడ ఉబ్బినామెకు మలం దారి మధ్యలో ఆగినట్టుంటుంది, వేలితో నొక్కితే గానీ రాదు.

బిడ్డకు పాలిస్తున్నన్నాళ్ళూ ఈస్ట్రోజెన్ తక్కువగా ఉండటం వల్ల యోని గోడలు పల్చగా, పొడిగా ఉంటాయి. దానివల్ల ఉన్న బరువు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. మరోవైపు, సాగిన కండరం మళ్ళీ దగ్గరపడే పని ప్రసవమైన మొదటి నాలుగు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువగా జరుగుతుంది. ఆరో వారంలో కనిపించిన ఉబ్బును చూసి జీవితాంతం ఇలాగే ఉంటుందని నిర్ణయించుకోవడం అందుకే తొందరపాటు అవుతుంది.

వ్యాయామానికి ముందు డాక్టరును కలవవలసిన సందర్భాలు

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి వ్యాయామంతో కాలం గడపకండి. మూత్రం అసలు రాకపోవడం, గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తస్రావం, జ్వరంతో పాటు దుర్వాసన వచ్చే స్రావం, యోని పక్కన గట్టిగా, ఎర్రగా, ముట్టుకుంటే భరించలేని నొప్పితో ఉన్న వాపు, తొడల లోపలి వైపూ మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం వంటివి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఉబ్బు బయటికి వచ్చి వేలితో నెట్టినా లోపలికి పోకపోయినా, దాని మీద పుండు పడినా అంతే. పగలూ రాత్రీ తేడా లేకుండా మూత్రం కారుతూనే ఉంటే అది కండరాల బలహీనత కాకపోవచ్చు, మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. గ్యాస్‌ను, మలాన్ని ఆపుకోలేకపోతుంటే, ముఖ్యంగా ప్రసవంలో చిరుగు మలద్వారం కండరం దాకా పోయి కుట్లు పడి ఉంటే, స్త్రీవైద్యురాలు చూశాకే మొదలుపెట్టాలి.

ఇవేవీ లేకపోయినా ఆరు వారాల పరీక్షకు వెళ్ళినప్పుడు నోరు విప్పి ఈ మాట చెప్పాలి. అడగకపోతే చాలాచోట్ల కుట్లు చూసి, బిడ్డ బరువు రాసి పంపించేస్తారు. పడుకుని ఉన్నప్పుడు ఉబ్బు లోపలికి వెళ్ళిపోతుంది కాబట్టి, "దగ్గమంటారా, ముక్కమంటారా, నిలబడి ఉండగా చూస్తారా" అని మీరే అడగండి. ఉదయం కాక సాయంత్రం అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఇంకా మంచిది. డాక్టర్లు తీవ్రతను యోని ద్వారం అంచుతో పోల్చి నాలుగు దశలుగా చెబుతారు. ఉబ్బు కొస అంచుకు ఒక సెంటీమీటరు కన్నా లోపలే ఉంటే మొదటి దశ, అంచుకు ఇటూ అటూ ఒక సెంటీమీటరు లోపు ఉంటే రెండో దశ. ఒక సెంటీమీటరు దాటి బయటికి వస్తే మూడో దశ, యోని మొత్తం బయటికి తిరగబడితే నాలుగో దశ. బరువు, జారుతున్న భావన సాధారణంగా కొస ఈ అంచు దాకా వచ్చినప్పుడే మొదలవుతాయి. మొదటి, రెండో దశల్లో ఉన్నవారు పర్యవేక్షణలో కనీసం 16 వారాల పాటు కండరాల శిక్షణ తీసుకునే విషయాన్ని పరిశీలించాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది.

మొదటి మెట్టు: అద్దంలో చూడటం

తలుపు వేసుకుని, చేతులు కడుక్కుని, మంచం మీద వీపు దిండుకు ఆనించి కూర్చోండి. మోకాళ్ళు మడిచి దూరంగా పెట్టి, చేతి అద్దాన్ని కాళ్ళ మధ్య ఉంచండి. ఉదయం లేవగానే ఒకసారి, పనులన్నీ అయ్యాక సాయంత్రం ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది. ముందు ఏమీ చేయకుండా చూడండి. తర్వాత నెమ్మదిగా దగ్గండి. దగ్గినప్పుడు ద్వారం నుంచి లేత గులాబీ రంగు ఉబ్బు ముందుకు వచ్చి, దగ్గు ఆగగానే వెనక్కి పోతే, అది పై వైపు నుంచి వస్తోందా, మలద్వారం వైపు నుంచి వస్తోందా అన్నది గమనించండి. పై వైపు నుంచి వస్తే ముందు గోడది, మలద్వారం వైపు నుంచి వస్తే వెనక గోడది. ప్రసవం తర్వాత ద్వారం మునుపటికన్నా కాస్త తెరుచుకుని ఉండటం, గోడల ముడతలు కనిపించడం సహజమే. ఇలా గోడలో, గర్భసంచో కిందికి జారడాన్నే ప్రొలాప్స్ అంటారు, దానికీ ఈ సహజమైన మార్పుకూ తేడా దగ్గినప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు అదే భంగిమలో, గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు మలద్వారాన్ని బిగించండి. యోనికీ మలద్వారానికీ మధ్యనున్న చర్మం లోపలికీ పైకీ ముడుచుకుంటే కండరం సరిగా పనిచేస్తోంది. ఆ చర్మం కిందికి ఉబ్బినా, ద్వారం ఇంకా తెరుచుకున్నా, ఉబ్బు ముందుకు వచ్చినా మీరు బిగించడం లేదు, ముక్కుతున్నారు. ఇలా చేస్తే రోజుకు ఎన్నిసార్లు చేసినా మేలు జరగకపోగా హాని జరుగుతుంది. అద్దంలో కనిపించే ఈ ఒక్క కదలిక కోసమే ఇంత సేపూ చెప్పాను.

కుట్లు మానిన తర్వాత, నొప్పి లేకపోతే, శుభ్రమైన వేలిని రెండు కణుపుల లోతున యోనిలో ఉంచి కూడా సరిచూసుకోవచ్చు. బిగించినప్పుడు వేలి చుట్టూ పట్టు తగిలి, వేలు కాస్త లోపలికి లాగినట్టుండాలి. వేలు బయటికి నెట్టినట్టుంటే అది ముక్కడమే. వేలు పెట్టడం ఇష్టం లేనివారు చుట్టిన టవల్‌ను కుర్చీ మీద పొడవుగా పెట్టి, దాని మీద గుర్రమెక్కినట్టు కూర్చుని చేయవచ్చు. బిగించినప్పుడు చర్మం టవల్ నుంచి పైకి లేచినట్టనిపించాలి, వదిలినప్పుడు మళ్ళీ టవల్ మీద వాలినట్టుండాలి.

రెండో మెట్టు: వ్యాయామం

ఈ వ్యాయామానికి పేరు తెచ్చింది 1948లో దీని గురించి రాసిన అమెరికన్ స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్. ఆయన యోనిలో పీడనాన్ని కొలిచే పరికరం పెట్టి, స్త్రీలు తమ బిగింపును అంకెల్లో చూసుకుంటూ చేసేలా నేర్పారు. తర్వాతి కాలంలో పరికరం పోయి పేరు మాత్రం మిగిలింది. సరిచూసుకోవడమన్న సగ భాగం అక్కడే జారిపోయింది.

మొదటి రెండు వారాలూ పడుకునే చేయాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి, పిరుదుల కింద ఒక దిండు పెట్టుకోండి. ఈ భంగిమలో లోపలి అవయవాల బరువు కిందికి కాకుండా ఛాతీ వైపు వాలుతుంది కాబట్టి బలహీనమైన కండరానికి ఎత్తడం సులువవుతుంది. మామూలుగా ఊపిరి పీల్చుకుని, నెమ్మదిగా వదలడం మొదలుపెట్టినప్పుడు మలద్వారాన్ని గ్యాస్ ఆపినట్టు బిగించి, ఆ బిగింపును ముందుకు, మూత్రం ఆపుకునే చోటి దాకా తీసుకువచ్చి, మొత్తాన్ని బొడ్డు వైపు పైకి లాగండి. మూడు సెకన్లు పట్టి ఉంచండి. అంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉండాలి. తర్వాత పూర్తిగా వదిలేయండి, వదిలిన తర్వాత కనీసం అంతే సేపు ఆగండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. సగం వదిలి మళ్ళీ బిగిస్తే కండరం అలసిపోతుంది, నొప్పి పుడుతుంది.

ఒక విడతకు ఎనిమిది బిగింపులు, రోజుకు మూడు విడతలు సరిపోతాయి. మూడు సెకన్లు పట్టడం ఎనిమిదోసారి కూడా మొదటిసారంత బలంగా ఉంటే తర్వాతి వారం ఐదు సెకన్లకు, తర్వాత ఎనిమిదికి, చివరికి పది సెకన్లకు పెంచండి. నాలుగో బిగింపుకే పట్టు జారిపోతుంటే సెకన్లు పెంచడం కాదు, బిగింపుల సంఖ్య నాలుగుకు తగ్గించి రోజుకు ఐదారు విడతలు చేయండి. ప్రతి విడత చివర, ఒక సెకనులో బిగించి వెంటనే వదిలే వేగపు బిగింపులు పది చేయండి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు క్షణంలో అందుకోవలసింది ఈ వేగపు బలమే. పడుకుని చేయడం కుదిరాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి చేయాలి. రోజంతా బరువు మోసేది నిలబడ్డ శరీరమే కాబట్టి అక్కడిదాకా రాకుండా ఆగిపోతే సగమే చేసినట్టు.

పొరపాట్లను పట్టుకునే గుర్తులు కొన్నే. పిరుదులు గట్టిపడి తుంటి పైకి లేస్తే మీరు వాడుతున్నది పిరుదుల కండరం. తొడలు దగ్గరకు వస్తే తొడలది. పొట్ట ముందుకు పొంగితే మీరు ఊపిరి బిగించి కిందికి నెడుతున్నారని అర్థం. ఇలాంటప్పుడు సగం బలంతోనే చేయండి. సగం బలంతో సరిగా చేసిన బిగింపు, పూర్తి బలంతో తప్పుగా చేసినదానికన్నా ఎన్నో రెట్లు మేలు. మూత్రం పోసేటప్పుడు ధారను ఆపి చూడటాన్ని వ్యాయామంగా చేయకండి, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది. వ్యాయామం చేసిన తర్వాత కింద నొప్పి, మంట, కలయికలో బాధ పెరిగితే మీ కండరం బలహీనంగా కాక, ఎప్పుడూ బిగుసుకుపోయి ఉండి ఉండవచ్చు. అటువంటివారికి బిగించడం కన్నా వదలడం నేర్చుకోవడం ముందు అవసరం, అందుకు ఫిజియోథెరపిస్టు చూడాలి.

మూడో మెట్టు: పీడనం పడే క్షణానికి ముందు బిగించడం

తుమ్ము వస్తోందని తెలిసిన క్షణంలో, బిడ్డను మంచం మీద నుంచి ఎత్తే ముందు, బకెట్ పట్టుకుని లేచే ముందు, ఒక్కసారి బిగించి పైకి లాగి, ఆ తర్వాతే ఆ పని చేయండి. పొట్టలోని పీడనం కిందికి దిగేలోపు ఊయల గట్టిపడి ఉంటుంది. మొదట్లో మరిచిపోతారు, తుమ్మేశాక గుర్తుకొస్తుంది. బిడ్డను ఎత్తడం దీనికి మంచి సాధన, ఎందుకంటే తుమ్ము చెప్పి రాదు గానీ బిడ్డను రోజుకు నలభైసార్లు మీరే ఎత్తుతారు. ఊపిరి వదులుతూ ఎత్తాలి, బిడ్డను ముందే శరీరానికి దగ్గరగా తీసుకోవాలి.

రోజువారీ పనుల్లో సరిచేసుకోవలసినవి

ఇక్కడ మన ఇళ్ళ విషయం కొంత వివరంగా చెప్పాలి. చాలా కుటుంబాల్లో బాలింతకు పథ్యం పేరుతో నీళ్ళు తగ్గిస్తారు, పండ్లూ ఆకుకూరలూ మాన్పిస్తారు, కారప్పొడితో అన్నం పెడతారు. ఆ ఇంటివారి ఉద్దేశం మంచిదే. అయితే పాలిచ్చే శరీరానికి నీళ్ళూ పీచుపదార్థమూ తగ్గితే మలం గట్టిపడుతుంది, గట్టిపడ్డ మలాన్ని తోయడానికి తల్లి రోజూ ముక్కుతుంది. రోజుకు ఐదు నిమిషాలు ముక్కితే, మూడు విడతల వ్యాయామం ఇచ్చిన మేలు అక్కడే పోతుంది. దాహం వేసినప్పుడల్లా నీళ్ళు, మజ్జిగ తాగడం, పప్పు, ఆకుకూర, బొప్పాయి, జామ తినడం వ్యాయామంతో సమానమైన చికిత్సే. అప్పటికీ గట్టిగా ఉంటే, పాలిచ్చేటప్పుడు వాడగల విరేచన మందు డాక్టరును అడగండి.

కమోడ్ ఉన్న ఇంట్లో పాదాల కింద చిన్న పీట పెట్టి, మోకాళ్ళు తుంటికన్నా ఎత్తుగా ఉండేలా కూర్చుని, మోచేతులు తొడల మీద ఆనించి ముందుకు వంగండి. నోరు కొంచెం తెరిచి, ఊపిరి ఆగకుండా, పొట్టను వదులుగా ఉంచి మలం దిగనివ్వండి. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి అయితే భంగిమ సహజంగానే సరిగ్గా ఉంటుంది. కాకపోతే పని కాలేదని అక్కడే పది నిమిషాలు ముక్కుతూ కూర్చోకూడదు, లేచి వచ్చి మళ్ళీ వెళ్ళాలి. వెనక గోడ ఉబ్బి ఉన్నవారు యోనికీ మలద్వారానికీ మధ్యన రెండు వేళ్ళతో పైకి ఆనించి పట్టుకుంటే మలం సులువుగా వస్తుంది. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు, డాక్టర్లు కూడా ఇదే చెబుతారు.

నడుముకు కట్టే గుడ్డ విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. వదులుగా, పొట్టకు ఆసరాగా కడితే చాలామందికి హాయిగా ఉంటుంది. పొట్ట లోపలికి పోవాలని ఊపిరాడనంత బిగించి కడితే పొట్టలో ఉన్న పీడనానికి పైకి దారి ఉండదు, అది కిందికే తోస్తుంది. కట్టుకున్నప్పుడు కింద బరువు పెరుగుతోందంటే ఆ కట్టు మీకు పనికిరాదు.

బరువుల విషయానికొస్తే, మొదటి మూడు నెలలూ బిడ్డ కన్నా బరువైనది ఎత్తకపోవడం మంచి కొలమానం. పది లీటర్ల బకెట్ నిండితే పది కిలోలకు పైనే, ఇంటి గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 30 కిలోలు. సిలిండర్ జరపడం, బిందె నడుం మీద పెట్టుకోవడం ఇంట్లో ఇంకొకరు చేయాలి. ఎవరూ లేకపోతే సగం బకెట్ రెండుసార్లు మోయండి. రోజులో రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు, వెల్లకిలా పడుకుని కాళ్ళు కుర్చీ మీద పెట్టి పిరుదుల కింద దిండు పెట్టుకుంటే బరువు చాలావరకు దిగుతుంది. బిడ్డ మధ్యాహ్నం పడుకునే వేళను దీనికి కేటాయించుకోవచ్చు. పరుగు, గెంతులు ఉన్న వ్యాయామాలు మూడు నెలల వరకు వద్దు. ఆ తర్వాత కూడా బరువు భావన లేకుండా అరగంట వేగంగా నడవగలిగాకే మొదలుపెట్టండి.

ఒక తల్లి 16 వారాలు

ఆమెకు రెండో కాన్పు. బిడ్డ మూడు కిలోల ఎనిమిది వందలు, చివరికి వాక్యూమ్ పెట్టి తీశారు. ఏడో వారంలో వచ్చింది. ఉదయం ఏమీ లేదనీ, సాయంత్రం ఆరింటికి కాళ్ళ మధ్య దూది ఉండ పెట్టుకుని నడుస్తున్నట్టుంటుందనీ చెప్పింది. బరువును సున్నా నుంచి పది దాకా ఎలా లెక్కిస్తావమ్మా అంటే ఉదయం ఒకటి, సాయంత్రం ఏడు అంది. డాక్టరు రెండో దశ, ముందు గోడ అని రాశారు. మూడు వారాలుగా రోజుకు వంద కెగెల్ చేస్తున్నానంది. అద్దం ఇచ్చి బిగించమంటే ఉబ్బు ముందుకు వచ్చింది. ఆమె ముఖం అప్పుడు చూడాలి. "ఇన్నాళ్ళూ నేనే తోసుకున్నానా" అని అడిగింది. తెలిసి చేసింది కాదు గదా అన్నాను.

ఆ వంద ఆపించాను. మొదటి వారమంతా పిరుదుల కింద దిండుతో, మూడు సెకన్లవి ఆరు, రోజుకు మూడు విడతలు, ప్రతిసారీ మొదటి బిగింపు అద్దంలో చూసి చేయాలన్నాను. మూడో రోజుకు చర్మం లోపలికి కదలడం ఆమెకే కనిపించింది. నాలుగో వారానికి ఐదు సెకన్లవి ఎనిమిదికి వచ్చింది. సాయంత్రం లెక్క మాత్రం ఏడు నుంచి ఆరుకే దిగింది. కండరం కదులుతున్నా బరువు తగ్గకపోతుంటే రోజులో ఇంకెక్కడో తోపు పడుతోందన్న మాట. అడిగితే, పై అంతస్తు నీళ్ళు రాక పొద్దున్నే కింది కొళాయి నుంచి ఎనిమిది బకెట్లు తానే మోస్తోందని తేలింది. అత్తగారూ మరిదీ ఆ పని తీసుకున్నారు. ఆరో వారానికి సాయంత్రం లెక్క నాలుగు. ఎనిమిదో వారం నుంచి కూర్చుని, పన్నెండో వారం నుంచి నిలబడి చేసింది, అప్పటికి ఎనిమిది సెకన్లు పట్టగలుగుతోంది. పదహారో వారంలో సాయంత్రం లెక్క ఒకటో రెండో. పెళ్ళికి వెళ్ళి రోజంతా నిలబడ్డ నాడు మాత్రం నాలుగు.

డాక్టరు మళ్ళీ పరీక్షించినప్పుడు ఉబ్బు కొస కాస్త పైకి పోయింది కానీ రాసింది మాత్రం రెండో దశే. ఇది మీరు ముందే తెలుసుకోవాలి. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లోని 447 మంది స్త్రీలతో జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో కూడా, ఒక్కొక్కరికి విడిగా నేర్పిన కండరాల శిక్షణ ఏడాది తర్వాత వారి బాధలను తగ్గించినట్టు తేలింది. వ్యాయామం బాధను తగ్గించడంలో నమ్మదగినది, ఉబ్బును పూర్తిగా మాయం చేస్తుందని మాట ఇవ్వలేం. ఊడిన కండరం బిగింపులతో మళ్ళీ ఎముకకు అతుక్కోదు, సాగిన తాళ్ళు కురచకావు. బలపడేది మిగిలిన కండరం. అది చాలామందికి సరిపోతుంది.

సరిపోనప్పుడు

సరిగా చేస్తున్నారని పరీక్షలో తేలిన తర్వాత కూడా పన్నెండు నుంచి పదహారు వారాలకు సాయంత్రం బరువు తగ్గకపోతే, లేదా అంతవరకు ఆగలేనంత ఇబ్బంది ఉంటే పెస్సరీ గురించి అడగండి. ఇది యోనిలో అమర్చే సిలికాన్ వలయం. గోడలను లోపలి నుంచి ఆనించి పట్టుకుంటుంది, పాలిచ్చేటప్పుడు కూడా వాడవచ్చు. సరైన కొలత దొరకడానికి రెండు మూడు పరిమాణాలు ప్రయత్నించవలసి రావచ్చు. పెట్టుకుని నడిచినా, కూర్చున్నా అది తెలియకుండా ఉండాలి, మూత్రం సాఫీగా రావాలి. నొప్పి, రక్తం, దుర్వాసన వస్తే తీయించి చూపించుకోవాలి. పొడిదనం వల్ల గోడలు మండుతుంటే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమును డాక్టరు సూచించవచ్చు. శస్త్రచికిత్సను సాధారణంగా ఇక పిల్లలు వద్దనుకునే వరకు వాయిదా వేస్తారు, ఎందుకంటే మరో ప్రసవం ఆ మరమ్మతును మళ్ళీ వదులు చేయగలదు. గర్భసంచి తీసేస్తే అంతా పోతుందన్న సలహా వినిపిస్తే, నా ఉబ్బు ముందు గోడదా, వెనక గోడదా, గర్భసంచిదా అని అడిగి, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. ముందు గోడ జారినామెకు గర్భసంచి ఒక్కటే తీసేస్తే ఆ గోడ పైకి రాదు.

మళ్ళీ గర్భం దాల్చాలనుకునేవారు ముందుగానే ప్రసూతి వైద్యురాలికి ఈ విషయం చెప్పి, ప్రసవం ఎలా జరగాలన్నది చర్చించుకోవాలి. సిజేరియన్ అయితే ప్రొలాప్స్ రానే రాదని కాదు, గర్భం మోసిన తొమ్మిది నెలల బరువు కూడా ఈ ఊయల మీదే ఉంటుంది. గర్భం వచ్చాక బరువు భావన కొంత తిరిగి రావడం సహజం. ఆ నెలల్లో కూడా పిరుదుల కింద దిండుతో, ఎడమ పక్కకు ఒరిగి, అద్దంలో సరిచూసుకున్న అదే బిగింపును రోజుకు మూడు విడతలు కొనసాగించవచ్చు.